ముప్పావు కిలో పొట్లాలు ఎన్ని?

సంఘం ఆడవాళ్లు కారం కొట్టించారు. మూడు కిలోలు వచ్చింది. దాన్ని ముప్పావు కిలో పొట్లాలుగా కట్టాలి. ఎన్ని పొట్లాలు అవుతాయి?

సాయంత్రం బడిలో ఇచ్చిన లెక్కల కాగితం మీద కూడా అదే లెక్క ఉంది.

3 ÷ 3/4 = ?

మంగమ్మకు 4 వచ్చింది. సీతమ్మకు 1/4 వచ్చింది.

"భాగించేటప్పుడు తిరగేసి గుణించాలన్నారు కదక్కా. నేనూ తిరగేశాను. మరి నాకు పావు ఎందుకొచ్చింది?" అంది సీతమ్మ.

"అసలు ఎందుకు తిరగేస్తామో ముందు చూద్దాం పట్టు" అంది మంగమ్మ. తక్కెడ, పావుకిలో రాయి తెచ్చింది.

తిరగేయడం ఎందుకు?

ఒక కిలో కారాన్ని పావుకిలో చొప్పున తూచారు. 4 కుప్పలు అయ్యాయి. మూడు కుప్పలు కలిపితే ముప్పావు కిలో. అంటే ఒక పొట్లం. ఇంకా ఒక కుప్ప మిగిలింది. పొట్లానికి మూడు కుప్పలు కావాలి. మిగిలింది ఒక్కటే. కనుక అది పొట్లంలో మూడో వంతు.

అంటే ఒక కిలోకి ఒక పొట్లం, మరో పొట్లంలో మూడో వంతు వస్తాయి. మొత్తం 4 కుప్పలు, పొట్లానికి 3 కుప్పలు. దీన్నే 4/3 అని రాస్తాం.

చూశారా? పొట్లం బరువు 3/4 కిలో. ఒక కిలోకి వచ్చే పొట్లాలు 4/3. బరువును తిరగేస్తే కిలోకి ఎన్ని పొట్లాలో వచ్చింది.

ఒక కిలోకి 4/3 అయితే మూడు కిలోలకు దానికి మూడు రెట్లు.

3 × 4/3 = 12/3 = 4

నాలుగు పొట్లాలు. మూడు కిలోలకూ కలిపి 12 కుప్పలు. మూడేసి చొప్పున కడితే నాలుగే కదా! భాగహారం గుణకారంగా మారింది ఇలాగే.

సీతమ్మ తప్పు ఎక్కడ?

సీతమ్మ ఇలా రాసింది:

1/3 × 3/4 = 3/12 = 1/4

ఆమె 3ను తిరగేసింది. 3 అంటే 3/1. తిరగేస్తే 1/3. కానీ 3 అనేది మన దగ్గరున్న కారం. దాన్ని మార్చకూడదు. ÷ గుర్తు తర్వాత ఉన్నది పొట్లం బరువు. తిరగేయాల్సింది దాన్నే.

"మూడు కిలోల కారానికి పావు పొట్లమా! రాసేటప్పుడు ఆలోచించలేదక్కా" అని నవ్వింది సీతమ్మ.

సరైన జవాబు 4. తప్పు జవాబు 1/4. మొదటి భిన్నాన్ని తిరగేస్తే, సరైన జవాబే తలకిందులుగా వస్తుంది.

తప్పు కనిపించని లెక్క

ఇంకొకామె వచ్చింది. "నాకు అరకిలో చాలు. ఎంత ఇవ్వాలి?" అంది. పొట్లం ధర 240 రూపాయలు. అరకిలో అంటే ఎన్ని పొట్లాలు?

1/2 ÷ 3/4 = ?

సీతమ్మ మళ్లీ మొదటిదే తిరగేసింది.

2/1 × 3/4 = 6/4 = ఒకటిన్నర

ఒకటిన్నర పొట్లాలకు 360 రూపాయలు అడగబోయింది. మంగమ్మ ఆపింది.

"ఆగు. అరకిలో ఎక్కువా, ముప్పావు ఎక్కువా?"

"ముప్పావే ఎక్కువ."

"మరి అరకిలోతో ఒక పొట్లమైనా నిండుతుందా?"

"నిండదు. జవాబు ఒకటి కంటే తక్కువ రావాలి!"

సీతమ్మ మళ్లీ చేసింది.

1/2 × 4/3 = 4/6 = 2/3

పొట్లంలో మూడింట రెండు వంతులు. 240లో మూడో వంతు 80. రెండు వంతులు 160 రూపాయలు. తిరగేయడంలో పొరపాటుకు ఆమె దగ్గర 200 రూపాయలు ఎక్కువ తీసుకునేవాళ్లు.

సరిచూసుకోవడం ఎలా?

ముందు రెండు అంకెలను పోల్చండి. ఉన్న సరుకు పొట్లం బరువు కంటే ఎక్కువైతే జవాబు ఒకటి కంటే ఎక్కువ రావాలి. తక్కువైతే ఒకటి కంటే తక్కువ రావాలి.

తర్వాత జవాబును పొట్లం బరువుతో గుణించండి. మొదట ఉన్న సరుకు తిరిగి రావాలి.

4 × 3/4 = 3. సరిపోయింది.

2/3 × 3/4 = 6/12 = 1/2. ఇదీ సరిపోయింది.

మీరు చేయండి

1. రెండు కిలోల పసుపు ఉంది. పావుకిలో పొట్లాలు ఎన్ని?
2. ముప్పావు కిలో చింతపండు ఉంది. అరకిలో పొట్లాలు ఎన్ని?
3. ఒకామె 1/4 ÷ 1/2 = 2 అని రాసింది. ఆమె ఏది తిరగేసింది? సరైన జవాబు ఎంత?

జవాబులు: 1) 8. 2) ఒకటిన్నర. 3) మొదటి దాన్ని తిరగేసింది. సరైన జవాబు 1/2.