ఎఫ్ గ్రేడ్ పడితే వీసా పోతుందా?

ప్రశ్న: టెక్సాస్‌లో ఎంఎస్ కంప్యూటర్ సైన్స్ చేస్తున్నాను. ఇది రెండో సెమిస్టర్, మూడు సబ్జెక్టులు తీసుకున్నాను. అల్గారిథమ్స్ మిడ్‌టర్మ్‌లో వందకు 31 వచ్చాయి. జీపీఏ 3.0 కంటే తగ్గితే టీఏ పోస్టు, దానితోపాటు ఫీజు రాయితీ పోతాయి. ‘‘ఎఫ్ పడితే వీసా పోతుంది, వెంటనే డ్రాప్ చేసెయ్’’ అంటున్నారు రూమ్‌మేట్లు. డ్రాప్ చేయడానికి నాలుగు రోజులే గడువుంది. ఏం చేయమంటారు?
- ఓ విద్యార్థి

జవాబు: అడగకుండా డ్రాప్ బటన్ మాత్రం నొక్కకండి. మీ రూమ్‌మేట్లు చెప్పింది తలకిందులుగా ఉంది. ఎఫ్-1 నిబంధన మొదట చూసేది మార్కులను కాదు, సెమిస్టర్ మొత్తం ఫుల్‌టైమ్‌గా నమోదై ఉన్నారా లేదా అన్నది. పీజీలో ఎక్కువ యూనివర్సిటీల్లో అది 9 క్రెడిట్లు. ఎఫ్ వచ్చినా ఆ 3 క్రెడిట్లు చదివినట్టే లెక్క, స్టేటస్‌కు ఢోకా లేదు. అదే కోర్సును అనుమతి లేకుండా వదిలేసి 6 క్రెడిట్లకు దిగితే స్టేటస్ తప్పినట్టే. అప్పుడు సెవిస్‌లో మీ రికార్డు టర్మినేట్ అవుతుంది, దేశం విడిచి వెళ్లడానికి ఒక్క రోజు కూడా గడువు ఉండదు.

అనుమతితో తగ్గించుకునే దారి ఒకటుంది, రెడ్యూస్డ్ కోర్స్ లోడ్. చదువు ఇబ్బందుల కింద దాన్ని ఇంగ్లిష్‌లో తొలినాళ్ల ఇబ్బంది, అమెరికా బోధన పద్ధతి కొత్త కావడం, మీ స్థాయికి మించిన కోర్సులో పడటం అనే కారణాలకే ఇస్తారు. ఒక డిగ్రీలో ఒక్కసారే, కనీసం సగం లోడ్ ఉంచుకోవాలి. డబ్బు లేకపోవడం కారణంగా చెల్లదు. మీరు బీటెక్ మెకానికల్ లాంటి వేరే బ్రాంచిలో చేసి, డేటా స్ట్రక్చర్స్ చదవకుండానే ఈ కోర్సులో కూర్చుని ఉంటే మూడో కారణం మీకు సరిపోవచ్చు. అకడమిక్ అడ్వైజర్ చేత ఆ మాట రాయించుకుని రేపే డీఎస్‌ఓను కలవండి. సెవిస్‌లో అనుమతి పడ్డాకే డ్రాప్ చేయాలి, ఈ వరుస తప్పకూడదు. 6 క్రెడిట్లతో టీఏ కొనసాగుతుందో లేదో డిపార్ట్‌మెంట్‌ను కూడా అడగండి.

అనుమతి రాకపోతే కోర్సులోనే ఉండండి. గత సెమిస్టర్‌లో మీకు బి ప్లస్, బి, బి వచ్చాయని, ఇప్పుడు ఎఫ్, బి, బి ప్లస్ వస్తాయనుకుందాం. జీపీఏ 2.6 అవుతుంది, ప్రొబేషన్ పడుతుంది. అయినా రికార్డు యాక్టివ్‌గానే ఉంటుంది. తర్వాతి మూడు కోర్సుల్లో రెండు ఏలు, ఒక ఏ మైనస్ తెచ్చుకుంటే 3.0 దాటుతారు. కష్టమే, అసాధ్యం కాదు.

ఇక్కడ చాలామందికి తెలియని చిక్కు ఐ-20 చివరి తేదీతో వస్తుంది. ప్రొబేషన్ వల్ల చదువు ఆలస్యమైతే ఆ తేదీని పొడిగించరు. అల్గారిథమ్స్ మళ్లీ రాయాల్సి వస్తే అది ఆ గడువులోపు ఎక్కడ ఇముడుతుందో ఇప్పుడే చూసుకోండి. ఒకవేళ డిస్మిసల్ దాకా వస్తే, రికార్డు యాక్టివ్‌గా ఉండగానే వేరే యూనివర్సిటీకి ట్రాన్స్‌ఫర్ అడగాలి.

ప్రశ్న: మా అబ్బాయికి జీపీఏ తగ్గి టీఏ పోయింది. వచ్చే సెమిస్టర్ ఫీజు మా వల్ల కాదు. కొన్నాళ్లు గ్యాస్ స్టేషన్‌లో పనిచేసి కట్టుకుంటానంటున్నాడు. ఒప్పుకోమంటారా?
- ఓ తండ్రి, నల్గొండ

జవాబు: ఒప్పుకోవద్దండీ. టీఏ పోయినంత మాత్రాన స్టేటస్ పోదు, ఫీజు కట్టలేక రిజిస్టర్ కాకపోతే పోతుంది. అలా పోయిన స్టేటస్‌ను ఐ-539తో తిరిగి అడగవచ్చు, సాధారణంగా 5 నెలల లోపు. కానీ అనుమతి లేకుండా పనిచేసిన వాళ్లకు ఆ దారి మూసుకుపోతుంది. బయట పనిచేయడానికి ఆర్థిక ఇబ్బంది కింద అనుమతి ఉన్నా, అందులో ఒక షరతుంది: ఆదాయం పోవడంలో విద్యార్థి తప్పు ఉండకూడదు. మార్కులు తగ్గి పోయిన టీఏ అందులోకి రావడం కష్టం. మీ వ్యాపారం దెబ్బతిని మీరు పంపే డబ్బు ఆగిపోయిందంటే మాత్రం అది వేరే సంగతి, కాగితాలతో డీఎస్‌ఓకు చూపించమనండి. ఈలోగా క్యాంపస్‌లోనే వారానికి 20 గంటల పని వెతుక్కోవచ్చు.

ఇక్కడ విద్యారుణం పెంచుకునే వీలుంటే బ్యాంకుతో మాట్లాడండి. తక్కువ ఫీజున్న యూనివర్సిటీకి ట్రాన్స్‌ఫర్ కూడా మంచి మార్గమే. ఏదీ కుదరక వెనక్కి రావాల్సి వస్తే, డీఎస్‌ఓకు చెప్పి అనుమతితో విత్‌డ్రా కావాలి. అప్పుడు బయల్దేరడానికి 15 రోజులు ఇస్తారు. 5 నెలలు దాటకుండా తిరిగి వెళ్లగలిగితే సాధారణంగా పాత రికార్డే పనికొస్తుంది. దాటితే కొత్త ఐ-20, మళ్లీ సెవిస్ ఫీజు, సీపీటీ-ఓపీటీకి మళ్లీ ఏడాది చదువు తప్పవు. చెప్పకుండా వచ్చేయడం అన్నిటికంటే చేటు: అలా చేస్తే వీసా రద్దు కావచ్చని, ముందుముందు వీసాలకు అర్హత పోవచ్చని ఢిల్లీలోని అమెరికా రాయబార కార్యాలయం 2025 మేలోనే హెచ్చరించింది.