రెండు వాక్యాలూ నిజమే... కానీ కారణం అదేనా?

నల్లగండ్ల చుట్టుపక్కల సీబీఎస్‌ఈ స్కూళ్లలో సోషల్ చెప్పే టీచర్లకూ, సాయంత్రం పిల్లల్ని కూర్చోబెట్టి నమూనా పేపర్లు రాయించే తల్లిదండ్రులకూ అసర్షన్-రీజన్ ప్రశ్నలు కొత్త కాదు. పైన ఒక ప్రతిపాదన, కింద ఒక కారణం, వాటి కింద నాలుగు ఆప్షన్లు. ఈ ప్రశ్న పిల్లల ఆలోచనను పరీక్షిస్తుందని మనం నమ్ముతాం. నిజానికి చాలా ప్రశ్నలు జ్ఞాపకాన్నే పరీక్షిస్తున్నాయి. ఆ తేడా పట్టుకోవడం కష్టం కాదు. ఒక్క ప్రశ్నను చేతిలోకి తీసుకుని బాగు చేద్దాం రండి.

ఆలోచన ఏ ఆప్షన్లలో ఉందో చూడండి

మొదటి ఆప్షన్: రెండూ నిజం, కారణం ప్రతిపాదనను సరిగ్గా వివరిస్తుంది. రెండోది: రెండూ నిజం, కానీ కారణం వివరణ కాదు. మూడోది: ప్రతిపాదన నిజం, కారణం తప్పు. నాలుగోది: ప్రతిపాదన తప్పు, కారణం నిజం.

మూడు, నాలుగు జవాబుగా ఉన్న ప్రశ్నను విడదీసి చూడండి. అది రెండు 'తప్పా, ఒప్పా' ప్రశ్నలు కలిపి కుట్టినదే. పాఠం గుర్తుంటే చాలు, ఆలోచించే పని లేదు. రెండు వాక్యాలూ నిజమని తెలిశాక కూడా 'ఇది దానికి కారణమేనా?' అని విద్యార్థి ఆగి చూసుకోవాల్సింది మొదటి రెండు ఆప్షన్ల మధ్యనే. కాబట్టి మీ శ్రమలో ఎక్కువ భాగం అక్కడ పెట్టండి.

ప్రతిపాదనలో 'ఎందుకు?' పుట్టాలి

మన రాష్ట్రం కథే తీసుకుందాం. తరచుగా కనిపించే తీరులో ప్రశ్న ఇలా ఉంటుంది.

ప్రతిపాదన: తెలంగాణ 2014 జూన్ 2న ఏర్పడింది.
కారణం: రాజ్యాంగంలోని 3వ అధికరణం కొత్త రాష్ట్రాలను ఏర్పాటు చేసే అధికారాన్ని పార్లమెంటుకు ఇచ్చింది.

రెండూ నిజమే. మరి జవాబు మొదటిదా, రెండోదా? పార్లమెంటుకు అధికారం ఉంది కాబట్టే రాష్ట్రం వచ్చిందని ఒక విద్యార్థి అంటాడు. ఆ తేదీనే ఎందుకు ఏర్పడిందో 3వ అధికరణం చెప్పదు కదా అని ఇంకో అమ్మాయి అంటుంది. ఇద్దరి మాటలోనూ న్యాయముంది. తేదీ ఒక సమాచారం మాత్రమే, దాన్ని వివరించమని ఎవరూ అడగరు. అందుకే ప్రశ్న తూలిపోయింది.

ఇప్పుడు ప్రతిపాదనను మారుద్దాం. 2014 జనవరి 30న ఆంధ్రప్రదేశ్ శాసనసభ పునర్వ్యవస్థీకరణ బిల్లును తిరస్కరిస్తూ తీర్మానం చేసింది. అయినా ఫిబ్రవరి 18న లోక్‌సభ, 20న రాజ్యసభ ఆ బిల్లును ఆమోదించాయి. ఈ తేదీలను ప్రశ్నకు ముందే రెండు వాక్యాల్లో ఇచ్చేయండి, పిల్లలు వాటిని బట్టీ పట్టనక్కర్లేదు. ఆ తర్వాత ఇలా అడగండి.

ప్రతిపాదన: రాష్ట్ర శాసనసభ తిరస్కరించినా పార్లమెంటు ఆ బిల్లును ఆమోదించగలిగింది.
కారణం: 3వ అధికరణం ప్రకారం అలాంటి బిల్లుపై రాష్ట్ర శాసనసభ అభిప్రాయం అడగాలి, కానీ దాని అంగీకారం తప్పనిసరి కాదు.

చదవగానే 'అదెలా కుదిరింది?' అనిపిస్తుంది. కారణం ఆ సందేహానికే జవాబిస్తోంది. ఇది మొదటి ఆప్షన్ ప్రశ్న, ఇందులో తగువు లేదు.

అదే ప్రతిపాదనకు ఇంకో కారణం రాయండి

ఒక్క ప్రశ్నతో ఆగకండి. ప్రతిపాదనను అలాగే ఉంచి, కారణాన్ని మార్చండి.

కారణం: 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడక ముందు హైదరాబాద్ వేరే రాష్ట్రంగా ఉండేది.

ఇదీ నిజమే. పైగా తెలంగాణ ఉద్యమం గురించి ఇంట్లో విన్న పిల్లలకు ఇదే అసలు కారణమనిపిస్తుంది. అయితే ఈ చరిత్ర రాష్ట్రం కోసం కోరిక ఎందుకు పుట్టిందో చెబుతుంది. పార్లమెంటుకు ఆ అధికారం ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పదు. కోరికకు కారణం వేరు, అధికారానికి ఆధారం వేరు. పౌరశాస్త్రం నేర్చుకున్న విద్యార్థికి తెలియాల్సిన తేడా ఇదే. జవాబు రెండో ఆప్షన్.

పాఠంలో ఎక్కడో ఉన్న సంబంధం లేని నిజాన్ని తెచ్చి కింద పెడితే ఎవరైనా కొట్టిపారేస్తారు. రెండో ఆప్షన్ కోసం రాసే కారణం ఆ విషయానికే దగ్గరగా ఉండాలి, వేరే ప్రశ్నకు సరైన జవాబు కాగలగాలి.

తీసేసి చూడండి

జవాబు ఖాయం చేసే ముందు ఒక పరీక్ష పెట్టండి: ఈ కారణం లేకపోతే ప్రతిపాదన నిలుస్తుందా? శాసనసభ అంగీకారం తప్పనిసరి అయి ఉంటే బిల్లు ముందుకు కదిలేది కాదు. అంటే మొదటి కారణం నిజమైన వివరణే. మరి హైదరాబాద్ రాష్ట్రం గతంలో లేకపోయి ఉంటే పార్లమెంటు అధికారం పోయేదా? పోయేది కాదు. అంతకు ముందు ప్రత్యేక రాష్ట్రంగా లేని ఛత్తీస్‌గఢ్‌ను మధ్యప్రదేశ్ నుంచి విడదీసి 2000లో పార్లమెంటే ఏర్పాటు చేసింది. కాబట్టి రెండో కారణం వివరణ కాదు. ఈ పరీక్షను పిల్లలకూ నేర్పండి.

తప్పు కారణం రాయాల్సి వస్తే పిల్లలు నిజంగా పడే పొరపాటునే వాడండి. 'కొత్త రాష్ట్రానికి పార్లమెంటులో మూడింట రెండు వంతుల మెజారిటీ కావాలి' అన్నది అలాంటిదే. రాజ్యాంగ సవరణకూ దీనికీ తేడా తెలియనివాళ్లు నమ్ముతారు. నిజానికి సాధారణ మెజారిటీ చాలు. 'ఎప్పుడూ', 'మాత్రమే' అన్న మాటలు తప్పు వాక్యాల్లోనే పెడితే, పాఠం చదవని విద్యార్థి కూడా ఆ మాటలు చూసి జవాబు పట్టేస్తాడు.

పిల్లలు చూడని సందర్భం ఇవ్వండి

ఒకసారి క్లాసులో చర్చించిన ప్రశ్న మళ్లీ వస్తే అది జ్ఞాపకమే. అదే ఆలోచనను నల్లగండ్ల వీధిలోకి తీసుకురండి. 'అపార్ట్‌మెంట్ సంఘం మెయింటెనెన్స్ వసూలు చేయగలదు కానీ ఆస్తి పన్ను వేయలేదు' అన్నది ప్రతిపాదన. 'పన్ను వేసే అధికారం చట్టం ద్వారా నగర పాలక సంస్థకు ఇచ్చారు, నివాసుల సంఘానికి కాదు' అన్నది వివరణ. 'సంఘం కార్యవర్గాన్ని నివాసులే ఎన్నుకుంటారు' అన్నది నిజమే అయినా వివరణ కాదు. గేటెడ్ కమ్యూనిటీలో పెరిగే పిల్లలు ఎన్నికైన ప్రతి కమిటీనీ ప్రభుత్వమే అనుకునే అవకాశం ఉంది. ఆ అయోమయం ఉన్నదీ లేనిదీ ఇక్కడ బయటపడుతుంది.

మార్కులు వేశాక ప్రశ్నకూ మార్కు వేయండి

రెండు వాక్యాలూ నిజమని తెలిసిన విద్యార్థి గుడ్డిగా ఎంచుకున్నా సగం అవకాశం ఉంటుంది. అందుకే ఒకే ప్రతిపాదనకు రెండు కారణాలతో రాసిన జంటలో ఒకటి యూనిట్ టెస్టులో, రెండోది తర్వాతి పరీక్షలో ఇచ్చి రెండు జవాబులూ కలిపి చూడండి. రెండూ గుడ్డిగా సరిపోయే అవకాశం నాలుగింట ఒకటే.

నలభై మంది క్లాసులో మొత్తం మార్కుల్లో ముందున్న పదిమంది పేపర్లు, వెనకున్న పదిమంది పేపర్లు పక్కన పెట్టండి. ముందున్నవాళ్లే మొదటి, రెండో ఆప్షన్ల మధ్య సగం సగం చీలిపోతే తప్పు ఎక్కువగా ప్రశ్నదే, వాక్యం మళ్లీ రాయండి. రెండు గుంపులూ ఒకేలా రాస్తే ఆ ప్రశ్న ఎవరినీ వేరు చేయలేదు. ఇద్దరు ముగ్గురిని పిలిచి 'ఎందుకు ఇది పెట్టావు?' అని అడిగితే అసలు సంగతి తేలుతుంది.

వచ్చే పరీక్షకు పది ప్రశ్నలు రాయకండి. ఒక్క ప్రతిపాదన, దానికి రెండు నిజమైన కారణాలు రాయండి. తీసేసి చూసే పరీక్షకు నిలబడితేనే పేపర్లోకి ఎక్కించండి.