దూరం రాయాలి, నాన్నగారిని కాదు

సమస్య

ద్వారకా తిరుమలలో ఉంటున్న ఒక బీకాం పట్టభద్రురాలికి హైదరాబాద్‌లోని ఒక సంస్థ నుంచి అకౌంట్స్ ఉద్యోగానికి తొలి ఇంటర్వ్యూ పిలుపు వచ్చింది. గురువారం ఉదయం 11 గంటలకు ఆఫీసుకు రమ్మన్నారు. వీడియోలో పెట్టమంటే అవకాశం జారిపోతుందేమోనని ఆమె భయం. రాసుకుని ఇంకా పంపని మెయిల్ ఇది: "సారీ సర్. మాది చాలా దూరం. నాన్నగారు ఒంటరిగా పంపరు. దయచేసి వీడియోలో పెట్టగలరా? ఇబ్బంది పెడుతున్నందుకు సారీ."

సలహా

వీడియో అడగడం తప్పు కాదు, తొలి రౌండుకైతే మరీను. ఈ మెయిల్‌ను చెడగొట్టేది మూడో వాక్యం.

దూరం అనగానే రిక్రూటర్‌కు వచ్చే అనుమానం ప్రయాణం గురించి కాదు. ఉద్యోగం ఇస్తే ఈ అమ్మాయి వచ్చి చేరుతుందా అన్నదే ఆ అనుమానం. ఒక్క రోజుకే పంపని ఇంటివారు ఏళ్ల తరబడి హైదరాబాద్‌లో ఉండనిస్తారా? ఆ వాక్యం చదివినవారు ఉండనివ్వరనే అనుకుంటారు. కాబట్టి మెయిల్ ఆ అనుమానానికే జవాబు చెప్పాలి. దూరాన్ని కూడా 'చాలా' అనే మాటతో వదిలేయకుండా లెక్కలో చెప్పాలి. భీమడోలు మీదుగా ఏలూరు చేరి రాత్రి బండి ఎక్కితే తెల్లవారేసరికి సికింద్రాబాద్. మళ్లీ రాత్రి తిరుగు ప్రయాణం. ఇది సాకులా వినిపించదు.

మెయిల్ ఇలా ఉండవచ్చు:

"గురువారం 11 గంటల ఇంటర్వ్యూకు పిలిచినందుకు ధన్యవాదాలు. నేను ఏలూరు జిల్లా ద్వారకా తిరుమలలో ఉంటున్నాను. హైదరాబాద్‌కు సుమారు 370 కిలోమీటర్లు. వీలైతే ఈ తొలి రౌండును అదే సమయానికి వీడియోలో జరపగలరా? తర్వాతి రౌండ్లకు ఆఫీసుకు వస్తాను. ఎంపికైతే హైదరాబాద్‌లోనే ఉండి పనిచేస్తాను. వీడియో కుదరకపోతే గురువారం నేరుగా హాజరవుతాను."

సమయం మార్చమనకపోవడంతో ఇంటర్వ్యూ చేసేవారి రోజు చెదరదు. చివరి వాక్యం వల్ల వినతి షరతుగా మారదు. అయితే నిజంగా వెళ్లగలిగితేనే ఆ వాక్యం రాయాలి. పిలుపు వచ్చిన మెయిల్‌కే, ఆ రోజే జవాబుగా పంపాలి. బుధవారం సాయంత్రం పంపితే ఎగ్గొట్టడానికే అనిపిస్తుంది. ఒంట్లో బాగాలేదనే అబద్ధం అసలు వద్దు. రాత పరీక్ష ఆఫీసులోనే ఉందంటే ఇక బేరం లేదు, టికెట్ తీసుకోవడమే.

మిగిలింది ఇంట్లో తేల్చుకోవలసిన మాట. కూతురిని బీకాం చదివించిన తండ్రి, ఉద్యోగం పేరెత్తగానే గుమ్మం దగ్గర నిలబడితే ఆ చదువు ఎవరికోసం? ఫీజులు కట్టినప్పుడు రాని భయం ఇప్పుడే ఎందుకు వచ్చిందో ఆయననే అడగాలి. మొదటిసారి తోడు వస్తానంటే రానివ్వవచ్చు, ఆఫీసు గేటు బయటి వరకే. హైదరాబాద్‌లో ఉండటానికి ఆయన ఒప్పుకుంటారో లేదో మెయిల్ పంపకముందే తేలాలి. ఎందుకంటే అందులో "హైదరాబాద్‌లోనే ఉండి పనిచేస్తాను" అని రాసి, కింద సంతకం పెట్టేది ఆమె.