పిన్ని సీవీలో ఒకే పని మూడుసార్లు

సంక్రాంతి సెలవులకి భావనపాడు వెళ్తే పిన్ని తన సీవీ టైప్ చేసిపెట్టమంది. పిన్ని బీఈడీ కాలేజీలో చెప్తుంది. అంటే రేపు టీచర్లు కాబోయేవాళ్ళకి పాఠం ఎలా చెప్పాలో నేర్పుతుంది. ఇప్పుడు ఇంకో కాలేజీలో గణిత బోధనా పద్ధతుల లెక్చరర్ పోస్టుకి అప్లై చేస్తోంది.

పాత సీవీ ఏడు పేజీలు. మొదటి పేజీ నిండా తండ్రి పేరు, పుట్టిన తేదీ, హాబీలు. ఎంఈడీ మార్కులు మూడో పేజీలో దొరికాయి. కానీ కమిటీ ముందు చూసేది అర్హతే కదా! ఎన్‌సీటీఈ 2014 నిబంధనల ప్రకారం ఈ పోస్టుకి సబ్జెక్టులో పీజీ, ఎంఈడీ రెండూ ఉండాలి, రెండిట్లోనూ 55 శాతం రావాలి. అందుకే పేరు, ఫోన్ నంబర్ కిందే ఆ రెండు డిగ్రీలూ శాతాలతో పెట్టాం.

అసలు తలనొప్పి ఆ తర్వాత మొదలైంది. బీఈడీలో రెండేళ్ళకి కలిపి 20 వారాల స్కూల్ ఇంటర్న్‌షిప్ ఉంటుంది. పిన్ని పర్యవేక్షించిన బ్యాచ్ మా వైపు బడులకే వెళ్ళింది. ఒడ్డున చేపల గంపల ధర టక్కున లెక్కగట్టే పిల్లలు, అదే లెక్క పుస్తకంలో వాక్యంగా ఇస్తే తడబడుతున్నారని అక్కడ గమనించింది. దానిమీద పేపర్ రాసింది, మండలంలో టీచర్లకి ఒకరోజు శిక్షణ కూడా ఇచ్చింది. పాత సీవీలో బోధన, పరిశోధన, సేవ మూడిటి కిందా "మత్స్యకార పిల్లల గణితంపై కృషి" అని ఒకే వాక్యం ఉంది. చదివేవాడికి అది ఒక పనా, మూడు పనులా? డేటాబేస్ క్లాసులో ఇలాంటి టేబుల్ ఇస్తే మా సార్ వెనక్కి విసిరేస్తారు.

కాబట్టి ఎవరికోసం చేసింది, చివరికి ఏం మిగిలింది అని చూసి విడగొట్టాం. తన కాలేజీ ఛాత్రోపాధ్యాయులకి సిలబస్‌లో భాగంగా చేసింది బోధన: "ఇంటర్న్‌షిప్‌లో 10 మంది పర్యవేక్షణ, 50 పాఠాల పరిశీలన". పేపర్ పరిశోధన. ఇంకా అచ్చు కాలేదు కాబట్టి పత్రిక పేరు పక్కన "సమీక్షలో ఉంది" అని రాశాం. బయటి టీచర్లకి ఇచ్చిన శిక్షణ కూడా పాఠం చెప్పడమే కదా అని పిన్ని దాన్ని బోధనలో పెట్టమంది. కానీ వాళ్ళు తన విద్యార్థులు కారు, అది తన టైంటేబుల్‌లో లేదు. అందుకని సేవలోకి వెళ్ళింది, తేదీతో, హాజరైనవాళ్ళ సంఖ్యతో.

పరిశోధన కింద 14 సెమినార్లున్నాయి. వాటిలో పేపర్ చదివినవి మూడే. మిగతావి కూర్చుని విన్నవి. వాటిని చివర ఒక్క లైన్లో చెప్పేశాం.

"ఏట్రా, పదకొండు సర్టిఫికెట్లు ఒక్క లైనేనా?"

"విన్నదాన్ని పరిశోధన అంటే, అసలు చదివిన ఆ మూడూ కనపడవు పిన్నీ."

కాసేపు మాట్లాడలేదు. తర్వాత తనే లేచి బీరువాలోంచి పరిశీలన రికార్డులు తీసి లెక్కపెట్టింది. మనిషికి ఐదు చొప్పున 50 అనుకున్నాం గానీ, సంతకాలున్నవి 47. సీవీలో 47 అని మార్చాను.