పేరా కింద ఒక్క ప్రశ్నార్థకం

గ్రూప్స్‌కు చదువుతున్న మన హాస్టల్ తమ్ముడొకడు మాకు పాలిటీ పుస్తకంలోని పేరా ఒకటి పంపాడు. ప్రాథమిక హక్కుల అమలుకు 32వ అధికరణం కింద సుప్రీంకోర్టుకు వెళ్లవచ్చు. 226వ అధికరణం కింద హైకోర్టు ఆ హక్కులకే కాక ఇతర ప్రయోజనాలకు కూడా రిట్లు జారీ చేయవచ్చు. కనుక హైకోర్టు రిట్ పరిధి విశాలమైనది. ఇదీ పేరా. కింద '?' మాత్రమే.

మేము తొందరపడి పేరా మొత్తాన్ని సులువైన మాటల్లో తిరగరాసి పంపాం. "అది తెలుసన్నా" అన్నాడు. గంట వృథా!

అప్పుడు మళ్లీ చూశాం. రిట్ల నిర్వచనాలు ముందు పేజీలోనే ఉన్నాయి. వాటిని దాటొచ్చి ఇక్కడ ఆగాడంటే చిక్కు వాటిలో లేదు. మన ఊహకు అడ్డం తిరిగేది 'కనుక' తర్వాతి మాటే. పెద్ద కోర్టు కంటే కింది కోర్టుకు ఎక్కువ పరిధా?

ఆ ఒక్కదానికే జవాబు రాశాం. 1978 నాటి 44వ సవరణ ఆస్తి హక్కును ప్రాథమిక హక్కుల్లోంచి తీసి 300ఎ అధికరణంలో పెట్టింది. చట్టం ఆధారం లేకుండా ప్రభుత్వం మన చేను తీసుకుంటే, కేవలం 300ఎ పేరుతో 32 కింద వెళ్లలేం, 226 కింద హైకోర్టుకు వెళ్లగలం. విశాలమన్నది విషయాల్లోనే. హైకోర్టు తీర్పు మీద సుప్రీంకోర్టుకు వెళ్లే దారి ఉండనే ఉంది.

చివర "నీ సందేహం ఇదేనా, 'ఇతర ప్రయోజనాలు' అన్న మాటా?" అని చేర్చాం. ఉత్తగా "ఏం కావాలి?" అంటే లాభం లేదు. మాటల్లో పెట్టలేకే కదా ఆ గుర్తు పెట్టింది.

"మొదటిదేనన్నా" అని వచ్చింది.