మూడు మూలల రోటర్ ఇంజన్ ఎందుకు నిలవలేదు?

ప్రశ్న: పిస్టన్ లేని వాంకెల్ ఇంజన్ ఎలా పనిచేస్తుంది? సీళ్లు అరగడం వల్లే అది ఎక్కువ పెట్రోలు తాగేదా?

జవాబు: సీళ్లు ఒక కారణం మాత్రమే. అసలు చిక్కు ఆ ఇంజన్ ఆకారంలోనే ఉంది. నడుము కాస్త నొక్కినట్టుండే గది లోపల, ఉబ్బిన భుజాల త్రికోణపు రోటర్ తిరుగుతుంది. దాని మూడు కొనలూ ఎప్పుడూ గోడను తాకుతూనే ఉంటాయి కనుక మూడు అరలు ఏర్పడతాయి. రోటర్ తిరిగేకొద్దీ ఒక్కో అర పెరుగుతూ తగ్గుతూ గాలీ పెట్రోలూ పీల్చడం, నొక్కడం, మండించడం, పొగ వదలడం వరసగా చేస్తుంది. రోటర్ ఒక చుట్టు తిరిగేలోగా షాఫ్ట్ మూడు చుట్లు తిరుగుతుంది.

పిస్టన్ రింగు గోడను వెడల్పుగా తాకుతుంది. రోటర్ కొనన ఉండే సీలు గీతంత సన్నగా తాకుతుంది, పైగా గోడతో దాని కోణం క్షణక్షణం మారుతుంది. అందుకే అది అదిరి గోడ మీద అడ్డగీతలు పెట్టేది. మాజ్డా 1967 నాటి కాస్మో కారులో కార్బన్, అల్యూమినియం కలిపిన సీళ్లతో దీన్ని అదుపు చేసింది.

మరి సీలు కుదిరాక ఖర్చు తగ్గాలి కదా అనవచ్చు. కానీ మండే అర పొడవుగా, పలచగా ఉండి, మండుతూనే జరిగిపోతుంది. చల్లని గోడల వైశాల్యం ఎక్కువ కనుక వేడి వాటిలోకి పోతుంది, అంచుల్లో పెట్రోలు కాలకుండా మిగులుతుంది. మాజ్డా ఆర్ఎక్స్-8 కారులో పొగ దారిని పక్కగోడకు మార్చాక పరిస్థితి మెరుగైంది, కానీ అర ఆకారం మారలేదు. 2012లో ఆ కారు తయారీ ఆగిపోయింది.