డాబా కొటేషన్ గురించి పెదనాన్న ఉత్తరం

చిరంజీవి అబ్బాయికి,

నువ్వు పంపిన రెండు కొటేషన్లూ చూశాను. ఒకాయన చదరపు అడుగుకు 38 రూపాయలన్నాడు, రెండో ఆయన 55 అన్నాడు. ఏది తీసుకోమంటావని అడిగావు. ఆ కాగితాల మీద ఉన్నదాన్ని బట్టి నేనైనా చెప్పలేను నాయనా. ఇద్దరూ 'వాటర్‌ప్రూఫింగ్, రెండు కోట్లు' అని ఒక్క ముక్క రాసి, ఎదురుగా రేటు వేశారు. ఆ రేటుకి నీ డాబా మీద ఎంత మందం పొర మిగులుతుందో ఇద్దరూ రాయలేదు. నువ్వు డబ్బు కట్టేది ఆ పొరకే.

ముందు కొలత సంగతి. నీ డాబా 30 అడుగులకి 40, అంటే 1200 చదరపు అడుగులు. మొదటి ఆయన అంతే వేశాడు, పిట్టగోడ కలపలేదు. మన పాత ఇంట్లో శ్లాబు మధ్యలో ఎక్కడా కారలేదు. పిట్టగోడ శ్లాబుతో కలిసే మూలలో కారింది. పడగ్గది గోడ పైభాగాన చెమ్మ పట్టి సున్నం పొరలు పొరలుగా రాలేది. అప్పట్లో పని చేసినతను కోటింగ్‌ను గోడ మొదట్లోనే ఆపేశాడు. అడిగితే కొటేషన్లో గోడ లేదన్నాడు, నిజంగానే లేదు. కాబట్టి ఆ మూలకు సిమెంటుతో వంపు తిప్పి, ఫైబర్ మెష్ పరిచి, కోటింగ్‌ను పిట్టగోడ మీదకు అడుగు ఎత్తు ఎక్కించాలని రాయించు. చుట్టుకొలత 140 అడుగులు కాబట్టి మరో 140 చదరపు అడుగులు కలిసి మొత్తం 1340 అవుతుంది. రేటు దాని మీద ఉండాలి. లేకపోతే పని మధ్యలో గోడకు రన్నింగ్ అడుగు లెక్కన వేరే డబ్బు అడుగుతారు.

ఇక అసలు విషయం, మందం. 'రెండు కోట్లు' అంటే ఏమీ తేలదు, పల్చగా లాగినా రెండు కోట్లే. ఒక చదరపు మీటరు మీద ఒక లీటరు పరిస్తే తడి పొర సరిగ్గా ఒక మిల్లీమీటరు వస్తుంది. ఆరాక అందులో నీళ్లు ఎగిరిపోయి ఘనపదార్థం మాత్రమే మిగులుతుంది. అది ఘనపరిమాణంలో ఎంత శాతమో కంపెనీ డేటా షీటులో చూడు. 60 శాతం అనుకో, లీటరుకి మిగిలేది 0.6 మిల్లీమీటర్లు. ఆరాక ఒక మిల్లీమీటరు పొర కావాలంటే చదరపు మీటరుకి సుమారు 1.67 లీటర్లు పడుతుంది. నీ 1340 చదరపు అడుగులు దాదాపు 124.5 చదరపు మీటర్లు, అంటే 207 లీటర్ల పైచిలుకు. 20 లీటర్ల బకెట్లు 11 రావాలి, ప్రైమర్ కాకుండా.

38 అన్న ఆయన అయిదు బకెట్లు చాలన్నాడని రాశావు కదా. వంద లీటర్లు ఆ వైశాల్యానికంతటికీ సర్దితే ఆరాక మిగిలేది అర మిల్లీమీటరు కూడా ఉండదు. రేటు తక్కువగా కనిపించింది అందుకే. ఇద్దరి చేతా ఒకే మాట రాయించు: కంపెనీ పేరు, సరుకు పేరు, ఆరాక మందం, చదరపు మీటరుకి ఎన్ని లీటర్లు, మొత్తం ఎన్ని బకెట్లు. అప్పుడు 38నీ 55నీ పక్కపక్కన పెట్టి చూడొచ్చు. బకెట్ల సీలు నీ ఎదుటే తీయమను, ఖాళీవి బిల్లు చెల్లించేదాకా డాబా మీదే ఉంచు. ప్రైమర్‌లో కంపెనీ చెప్పినంత నీళ్లు కలపొచ్చు గానీ, పైకోట్లలో మేస్త్రీ తనంతట తాను నీళ్లు పోస్తుంటే ఆపించు.

కోటింగ్‌కి ముందు చేసే పని కూడా ఆ రేటులోనే ఉందో లేదో తేల్చు. పాత పొర గీకి తీయడం, పగుళ్లను వెడల్పు చేసి పాలిమర్ మోర్టార్‌తో నింపడం, పైపుల చుట్టూ పూడ్చడం, నీళ్లు నిలిచే చోట వాలు సరిచేయడం, చెత్త దింపడం, జీఎస్టీ. వాలు పని పెద్దదైతే వేరే రేటు అడగడం న్యాయమే, కాకపోతే అది ముందే కాగితం మీద ఉండాలి.

శ్లాబు తడిగా ఉన్నప్పుడు కోటింగ్ వేస్తే లోపలి ఆవిరికి పొర బుడగలుగా లేస్తుంది. సాయంత్రం మూరెడు పాలిథీన్ ముక్కను శ్లాబు మీద పరిచి, నాలుగు అంచులకీ టేపు గట్టిగా అంటించు. మర్నాడు మధ్యాహ్నం విప్పి చూడు. అడుగున నీటి చుక్కలున్నా, కాంక్రీటు నల్లబడినా ఇంకా ఆరలేదన్నట్టే. వానాకాలం ముగిసిన వెంటనే మొదలుపెడతామనే వాళ్లకు ఇదొక్కటి చూపించు.

చివరి వాయిదా 20 శాతం ఆపుకుంటానని ముందే చెప్పు. పొర పూర్తిగా గట్టిపడేందుకు కంపెనీ చెప్పిన రోజులు గడిచాక, నీళ్లు పోయే గొట్టాల నోళ్లు మూసి రెండంగుళాల నీళ్లు 48 గంటలు నిలపాలి. కింద గదుల్లో చెమ్మ మరక కనపడకపోతే ఆ మిగతా డబ్బు ఇవ్వు. గ్యారంటీ ఇస్తామంటే అది సరుకుకా, కూలీకి కూడానా అని రాయించు. శ్లాబు కొత్తగా పగిలితే గ్యారంటీ వర్తించదని సాధారణంగా పెడతారు, అది చదివే సంతకం పెట్టు.

రెండు కొటేషన్లూ ఈ లెక్కన తిరిగి రాయించి ఫోటోలు తీసి నాకు పంపు. బకెట్ల లెక్క నేను చూస్తాను.

మీ పెదనాన్న